చుండ్రు తలకు నూనె, షాంపూ ఎంచుకోవడం: సీసా వెనక ఏం చదవాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

నేను ఫార్మసిస్టుని. మా మందుల షాపు కౌంటరు దగ్గర చుండ్రు గురించి అడగని రోజు ఉండదు. ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

చుండ్రుకు ఏ బ్రాండు మంచిది?

అందరూ ముందు అడిగేది ఇదే. నేను మాత్రం బ్రాండు పేరు చెప్పను, "ఇంతకుముందు ఏం వాడారు, సీసా ఉందా?" అని అడుగుతాను. చాలామంది ఒక షాంపూతో తగ్గలేదని రెండోది, రెండోది పనిచేయలేదని మూడోది కొంటారు. ఆ మూడు సీసాలూ తిప్పి చూస్తే వెనక మందు ఒకటే ఉంటుంది. రంగు, వాసన, సినిమా తార బొమ్మ మారాయి, మందు మారలేదు. అంటే ఆరు నెలల పాటు ఒకే మందుని మూడు ధరలకు కొన్నారన్నమాట. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది సీసా ముందు ఉన్న పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు. ఆ పేర్లు పది కూడా ఉండవు. వాటిలో నాలుగు తెలిస్తే మన బజారులో దొరికే సరుకు చాలావరకు చదివేయవచ్చు.

చుండ్రు ఎందుకు వస్తుందో తెలియకుండా లేబుల్ చదవలేమా?

చదవగలరు గానీ నూనె దగ్గర బోల్తా పడతారు. అందుకే కాస్త చెబుతాను.

మలసీజియా అనే ఒక రకం ఫంగస్ పెద్దవాళ్లందరి మాడు మీదా ఉంటుంది, చుండ్రు లేనివాళ్లకి కూడా. దానికి సొంతంగా కొవ్వు తయారుచేసుకునే శక్తి లేదు. మన కుదుళ్ల దగ్గర ఊరే జిడ్డే దానికి ఆహారం. ఆ జిడ్డుని విరగ్గొట్టి తనకు కావలసింది తిని, మిగిలింది మాడు మీదే వదిలేస్తుంది. ఆ మిగిలినదాంట్లో ఓలిక్ ఆమ్లం ఒకటి. కొందరి మాడు దాన్ని తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోలేదు. తట్టుకోలేనివాళ్లకు చర్మం తొందరతొందరగా పొట్టు రాలుస్తుంది, దురద పుడుతుంది.

దీన్ని పరిశోధకులు నేరుగా పరీక్షించారు. చుండ్రు వచ్చే స్వభావం ఉన్నవాళ్ల మాడు మీద ఓలిక్ ఆమ్లం రాస్తే, ఫంగస్ ప్రమేయం లేకుండానే పొట్టు లేచింది. ఆ స్వభావం లేనివాళ్లకు లేవలేదు. ఒకే ఇంట్లో, ఒకే నూనె, ఒకే షాంపూ వాడే అక్కాచెల్లెళ్లలో ఒకరికి చుండ్రు ఉండి ఇంకొకరికి లేకపోవడం ఇందువల్లే. శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చిందని పిల్లల్ని తిట్టకండి.

దీన్నిబట్టి లేబుల్ మీద రెండు విషయాలు వెతకాలి. షాంపూలో ఫంగస్‌ని తగ్గించే మందు ఉందా? నూనెలో ఫంగస్‌కి మేత అయ్యేది ఉందా?

షాంపూ సీసా వెనక ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఫోన్ తీసి ఆ చిన్న అక్షరాల్ని ఫొటో తీసి పెద్దది చేసుకోండి. సీసా గుండ్రంగా ఉంటే రెండు ఫొటోలు తీయాలి. కళ్లు చికిలించి చదవబోయి మధ్యలో వదిలేసేవాళ్లే ఎక్కువ.

మన దేశంలో 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం, 1 శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. అంటే జాబితా మధ్యలో ఎక్కడో ఒక కనిపించని గీత ఉంది. గీతకు పైన వరుసకు అర్థం ఉంది, కింద లేదు. తయారీదారు గీత కింద ఉన్నవాటిలో వేప సారాన్ని అన్నిటికంటే ముందు రాసుకోవచ్చు, అది నిజానికి చిటికెడే అయినా సరే.

ఆ గీత ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు పనికొచ్చే ఆనవాలు ఫినాక్సీఇథనాల్. అది సరుకు చెడిపోకుండా వేసే పదార్థం, 1 శాతానికి మించి వేయకూడదు. జాబితాలో అది కనిపించిందంటే దాని తర్వాత ఉన్నవన్నీ 1 శాతం, అంతకు తక్కువ అనుకోవచ్చు. అది లేకపోతే పర్ఫ్యూమ్ అన్న మాటను సుమారు గుర్తుగా తీసుకుంటాను. ఇది కచ్చితమైన లెక్క కాదు, కానీ షాపులో నిలబడి చూసుకోవడానికి సరిపోతుంది.

గీతకు పైన షాంపూలన్నిటిలో ఇంచుమించు ఒకటే కథ: నీళ్లు, నురగ తెప్పించి జిడ్డు వదిలించే సోడియం లారెత్ సల్ఫేట్ లాంటివి, కాస్త చిక్కదనానికి ఉప్పు. అక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

మందు పేరు చిట్టచివర ఉంటే అది ఉత్తుత్తిదేనా?

కాదు. సగం తెలిసినవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఒక్కో పదార్థానికి పనిచేసే మోతాదు వేరు. జింక్ పైరిథియోన్ 1 శాతం ఉంటే చాలు. పిరాక్టోన్ ఒలమైన్ అయితే అర శాతం నుంచి 1 శాతం వరకు వేస్తారు. అంత తక్కువలో పనిచేసే మందు జాబితా చివర కనిపించడం సహజం. దాన్ని చూసి సీసా పక్కన పెట్టేయకండి.

టీ ట్రీ నూనె సంగతి దీనికి తలకిందులు. చుండ్రు మీద అది పనిచేసిందని చూపిన ప్రయోగంలో వాడిన షాంపూలో టీ ట్రీ 5 శాతం ఉంది. అంటే 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీలీటర్లు. అప్పుడు కూడా 41 శాతం మెరుగుదలే వచ్చింది, మందు లేని షాంపూ వాడినవాళ్లకు 11 శాతం. ఇప్పుడు ముందుభాగంలో పెద్ద ఆకు బొమ్మ ఉన్న సీసా తిప్పండి. టీ ట్రీ పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంటే అందులో ఉన్నది 1 శాతం లోపే. వాసనకు సరిపోతుంది, చుండ్రుకు కాదు. వేప, నిమ్మ, మెంతి, కలబంద సారాల్ని కూడా ఇలాగే చూస్తాను.

అయితే ఏ మందు పేర్లు వెతకాలి?

సాధారణ షాంపూల్లో ఎక్కువగా కనిపించేది జింక్ పైరిథియోన్. దాని ప్రత్యేకత ఏమిటంటే నీళ్లతో కడిగేసినా సన్నని రేణువులుగా మాడు మీద కొంత నిలిచిపోతుంది. తేలికపాటి చుండ్రుకు ఇదే మొదట ప్రయత్నించమంటాను. పిరాక్టోన్ ఒలమైన్ కూడా ఇదే తరగతికి చెందినది అనుకోండి, ఈ మధ్య దాని వాడకం పెరిగింది.

వీటితో తగ్గకపోతే తర్వాతి మెట్టు కీటోకోనజోల్. ఇది మందుల షాపులో దొరికే షాంపూ, మామూలుగా 2 శాతం ఉంటుంది. ఫంగస్ తన కణాల పైపొర కట్టుకోకుండా ఇది అడ్డుకుంటుంది. దీని లేబుల్ చూడటానికే వేరుగా ఉంటుంది. అది కాస్మెటిక్ కాదు, మందు. అందుకే పొడవాటి జాబితాకు బదులు "ఇంతలో కీటోకోనజోల్ ఇంత" అని శాతంతో సహా రాసి ఉంటుంది. శాతం కనిపించడం మనకు పెద్ద మేలు. మామూలు షాంపూల్లో మందు పేరు రాసి శాతం రాయనివి చాలా ఉన్నాయి.

నాలుగోది సెలీనియం సల్ఫైడ్, మందుగా 2.5 శాతంలో వస్తుంది. బాగా పనిచేస్తుంది గానీ వాసన నచ్చదు, రంగు వేసుకున్న జుట్టు రంగు మారవచ్చు. వెండి ఉంగరాలు, గొలుసులు తీసి పక్కన పెట్టి వాడాలి, లేకపోతే నల్లబడతాయి.

ఇవి కాక శాలిసిలిక్ ఆమ్లం అని కనిపిస్తుంది. అది గట్టిగా అతుక్కున్న పెచ్చుల్ని వదులుచేసి ఊడగొడుతుంది, ఫంగస్‌ని పట్టించుకోదు. పెచ్చులు మందంగా ఉన్నవాళ్లకు పైన చెప్పిన నాలుగు మందుల్లో ఒకదానితో జతగా మంచిది, ఒంటరిగా అయితే చుండ్రు మళ్లీ తిరిగొస్తుంది.

ఒక ఉదాహరణతో చూపించగలరా?

మా మేనకోడలు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నల్ల చున్నీ భుజం మీద వేసుకుంటే ఉప్పు చల్లినట్టు కనిపించింది. "మామయ్యా, ఎనిమిది నెలల్లో మూడు షాంపూలు మార్చాను, నాకిక తగ్గదు" అంది. బ్యాగులోంచి మూడు సీసాలూ, ఒక నూనె సీసా తెప్పించి అరుగు మీద వరుసగా పెట్టాం. ఫోన్‌తో ఫొటోలు తీసి తనే చదివింది, నేను రాసుకున్నాను.

మొదటిది నీలం సీసా. నీళ్లు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్, ఉప్పు, పర్ఫ్యూమ్, జుట్టు నున్నబరిచే సిలికోన్, చివర్లో జింక్ పైరిథియోన్. రెండోది వేరే కంపెనీది, తల చల్లగా అనిపించే మెంథాల్ ఉంది, ధర దాదాపు రెట్టింపు. మందు మళ్లీ జింక్ పైరిథియోనే. మూడోది ఆకుపచ్చ సీసా, ముందు టీ ట్రీ, వేప. వెనక ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్ దాటాక టీ ట్రీ నూనె, వేప సారం. పైన చెప్పిన నాలుగు మందుల్లో ఒక్కటీ లేదు. అంటే మూడు షాంపూల పేరుతో ఆ అమ్మాయి వాడింది ఒకే ఒక్క మందు, మూడోసారి అదీ లేదు.

నూనె సీసా ముందు వేపాకు. వెనక మొదటి మూడు పేర్లు నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఐసోప్రొపైల్ మిరిస్టేట్. ఆ మూడూ ఫంగస్‌కి పనికొచ్చే కొవ్వులే. వేప నూనె పర్ఫ్యూమ్ తర్వాత ఉంది. చుండ్రు తగ్గుతుందని దీన్ని రోజూ రాత్రి మాడుకి పట్టించి పడుకునేది.

ఇంకొక ప్రశ్న అడిగాను: షాంపూ తల మీద ఎంతసేపు ఉంచుతావు? హాస్టల్లో బాత్రూము బయట లైను, రాసుకున్న వెంటనే కడిగేసుకోవడమే అంది.

మూడు మార్పులు చేశాం. మాడుకి నూనె పూర్తిగా ఆపేసింది, చివర్లకి మాత్రం రెండు చుక్కలు. బుధ, ఆదివారాల్లో కీటోకోనజోల్ 2 శాతం షాంపూ, ఐదు నిమిషాలు ఉంచి కడగడం. అలా నాలుగు వారాలు. రెండో వారానికి దురద తగ్గింది, ఫిబ్రవరి రెండో వారానికి చున్నీ శుభ్రంగా ఉంది. ఆ తర్వాత వారానికొకసారికి తగ్గించింది. ఉగాదికి అమ్మమ్మ ఆనవాయితీగా తలనిండా నువ్వుల నూనె అంటి, తలస్నానం ఆలస్యం చేస్తే నాలుగు రోజుల్లో చెవుల వెనక మళ్లీ పొట్టు లేచింది. ఒక వారం రెండుసార్లు షాంపూ వాడాక సర్దుకుంది.

నిజం చెప్పాలంటే, ఆ నీలం సీసానే ఐదు నిమిషాలు ఉంచి, నూనె మానేసి ఉంటే దానితోనే తగ్గేదేమో. మూడూ ఒకేసారి మార్చాం కాబట్టి దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. తేలికపాటి చుండ్రు ఉన్నవాళ్లు ముందు ఆ చవక దారినే ప్రయత్నించండి.

చిన్న ప్యాకెట్ల మీద పదార్థాలే ఉండవు. ఎలా?

60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్న ప్యాక్ మీద పదార్థాల జాబితా వేయక్కర్లేదని నియమమే చెబుతోంది. కిరాణా కొట్లో దండలా వేలాడే షాంపూ ప్యాకెట్లన్నీ దీని కిందికే వస్తాయి. మన ఊళ్లలో ఎక్కువమంది కొనేది అవే కాబట్టి ఇది నాకు బాధగానే ఉంటుంది. చేయగలిగింది ఏమిటంటే, అదే పేరు, అదే రకం పెద్ద సీసా ఏదైనా షాపులో తీసి వెనక ఒక్కసారి ఫొటో తీసుకోండి. రకం కూడా కచ్చితంగా కలవాలి. ఒకే బ్రాండులో చుండ్రు షాంపూ, జుట్టు నునుపు షాంపూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, ప్యాకెట్ల రంగులో తేడా కొంచెమే.

చుండ్రు ఉంటే తలకు నూనె పెట్టాలా, వద్దా?

చుండ్రు ఎక్కువగా ఉన్న రోజుల్లో మాడుకి వద్దు. మన ఇళ్లలో ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు. పొట్టు లేచిందంటే తల ఎండిపోయిందని, నూనె పట్టిస్తే తగ్గుతుందని అమ్మలు అనుకుంటారు. నూనె రాయగానే పొట్టు తడిసి మాడుకి అతుక్కుంటుంది, రాలదు, కాబట్టి తగ్గినట్టు కనిపిస్తుంది. తలంటుకున్న మర్నాడు మళ్లీ బయటపడుతుంది.

అయినా నూనె మానలేనివాళ్లు లేబుల్ ఇలా చూడండి. మలసీజియా సుమారు 11 నుంచి 24 కర్బన పరమాణువుల పొడవున్న కొవ్వు ఆమ్లాల్ని వాడుకుంటుంది. మనం తినే నూనెలన్నీ ఇంచుమించు ఆ పొడవులోనే ఉంటాయి. ఆలివ్ నూనెలోనూ బాదం నూనెలోనూ సగానికి పైగా ఓలిక్ ఆమ్లమే. నువ్వుల నూనెలో అది సుమారు 40 శాతం. ఓలిక్ ఆమ్లం చుండ్రు తలకు ఎందుకు పడదో పైన చూశాం. "స్వచ్ఛమైన బాదం నూనె" అన్నంత మాత్రాన చుండ్రు తలకు మంచిదని అనుకోవద్దు.

చాలామంది భయపడే లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే మినరల్ ఆయిల్, ఈ ఒక్క విషయంలో మెరుగు. అది కొవ్వు కాదు, ఫంగస్ దాన్ని తినలేదు. దానివల్ల జుట్టుకు పోషణ ఏమీ రాదు, చుండ్రు కూడా తగ్గదు, కానీ మేత మాత్రం కాదు. కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ అన్న పేరు కనిపిస్తే అది కొబ్బరి నుంచి తీసిన పొట్టి కొవ్వులు, 8, 10 కర్బనాలవి. అది కూడా ఫంగస్‌కి అందదు. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ లాంటి చివర "ఏట్" వచ్చే కొవ్వు పేర్లు పై వరుసల్లో ఉంటే నేను పక్కన పెడతాను.

ఫంగస్ ఏ కొవ్వు తింటుందన్నది ప్రయోగశాల గాజుపాత్రల్లో తేల్చిన లెక్క. తల మీద మనిషి మనిషికీ తేడా ఉంటుంది. అందుకే కచ్చితంగా చెప్పేది ఒకటే: రాసుకునేది జుట్టు చివర్లకి రాసుకోండి, మాడుని వదిలేయండి. తలంటుకి ఒక గంట ముందు రాసి కడిగేసుకుంటే ఇంకా మంచిది.

కొబ్బరి నూనె కూడా వద్దా?

దీనిమీద ఒకే మాట చెప్పలేను. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, 12 కర్బనాలది. లెక్క ప్రకారం ఫంగస్ తినగలదు. అదే లారిక్ ఆమ్లానికి సూక్ష్మజీవుల్ని అణచే గుణమూ ఉంది. ఓలిక్ ఆమ్లం పదో వంతు కూడా ఉండదు. అందుకే నూనెల్లో నేను తక్కువగా అభ్యంతరం పెట్టేది దీనికే. వాడినప్పుడు దురద పెరిగితే మానేయండి, అంతకంటే మంచి పరీక్ష లేదు.

కొబ్బరి నూనె సీసా మీద ఆకుపచ్చ చుక్క, ఆహార లైసెన్సు నంబరు ఉన్నాయేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. స్వచ్ఛమైన కొబ్బరి నూనెను చాలా కంపెనీలు వంట నూనెగానే అమ్ముతాయి. చిన్న సీసాల్లో అమ్మినంత మాత్రాన అది తలనూనె అయిపోదని 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు కూడా పన్ను వివాదంలో తేల్చింది. మనకు దీనివల్ల ఒక సౌకర్యం ఉంది: ఆ గుర్తులున్న సీసాలో కొబ్బరి నూనె తప్ప పర్ఫ్యూమ్, రంగు, ఇతర నూనెలు ఉండవు. పక్కనే అదే కంపెనీ మల్లెపూల వాసన నూనె ఉంటుంది. దాని వెనక చదివితే మినరల్ ఆయిల్, సువాసన కనిపిస్తాయి. రెండూ ఒకటి కావు.

ఆయుర్వేద తైలాల లేబుల్ వేరేలా ఉంటుంది. దాన్నెలా చదవాలి?

అందులో "ప్రతి 10 మిల్లీలీటర్లకు" అని మొదలుపెట్టి మూలికల పేర్లు, ఎన్ని గ్రాములో రాస్తారు. అంకెలు చూసి సంతోషపడకుండా కిందికి రండి. చివరి వరుసలో మూలనూనె పేరు ఉంటుంది, సాధారణంగా తిల తైలం, అంటే నువ్వుల నూనె, లేదా కొబ్బరి నూనె. సీసాలో ఎక్కువ భాగం అదే. గుంటగలగరాకు, ఉసిరి ఎన్ని ఉన్నా మాడు మీద పడేది ముందుగా ఆ మూలనూనె. కాబట్టి నిర్ణయం దాన్నిబట్టే. కొన్ని సీసాల్లో ఆ చివరి వరుసలో మినరల్ ఆయిల్ కనిపిస్తుంది, పేరు చూసి మోసపోకండి.

సల్ఫేట్ లేని షాంపూ అయితే చుండ్రు తగ్గుతుందా?

సల్ఫేట్ ఉండటానికీ చుండ్రుకీ సంబంధం లేదు. జిడ్డు తలకు సల్ఫేట్ షాంపూ ఇంకా బాగా పనిచేస్తుంది. మాడు మండుతుంటే, రంగు వేసిన జుట్టు అయితే సల్ఫేట్ లేనిది చూసుకోవచ్చు, కానీ అందులోనూ పైన చెప్పిన మందు ఉండాలి.

కుంకుడుకాయ, శీకాయ?

జిడ్డు వదిలించడంలో కుంకుడు రసం గట్టిదే, నురగ రావడానికి కారణం అందులోని సపోనిన్లు. చుండ్రు లేనివాళ్లకు హాయిగా సరిపోతుంది. ఉన్నవాళ్లకు రెండు ఇబ్బందులు. ఫంగస్ మీద పనిచేసే మందు ఎంత ఉందో కొలత తెలియదు, గట్టిగా మాడుని రుద్దితే ఉన్న మంట పెరుగుతుంది. కంటిలో పడితే ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు. వారంలో రెండు రోజులు మందు షాంపూ, మిగతా తలంటు కుంకుడుతో అయితే అభ్యంతరం లేదు. పప్పు, పొడి పదార్థాలతో తలంటితే సన్నని పొడి జుట్టులో మిగిలి చుండ్రులాగే రాలుతుంది, చూసుకోండి.

మందు షాంపూ ఎలా వాడాలి?

తల తడిపి, మొదట మామూలు షాంపూతో ఒకసారి జిడ్డు వదిలించండి. తర్వాత మందు షాంపూని జుట్టుకి కాదు, పాయలు తీసి మాడుకి రాయండి. చెవుల వెనక, నుదుటి అంచు మర్చిపోకండి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి. ఆ ఐదు నిమిషాల్లో ఒళ్లు రుద్దుకోవడం అయిపోతుంది, విడిగా టైము అక్కర్లేదు. కండిషనర్ వాడితే జుట్టు చివర్లకే.

జింక్ పైరిథియోన్ వారానికి రెండు, మూడుసార్లు. కీటోకోనజోల్ 2 శాతం వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి కొనసాగించాలి. చుండ్రు పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. ఆపేస్తే తిరిగి రావడం మందు తప్పు కాదు.

పనిచేయట్లేదని ఎప్పుడు తేల్చుకోవాలి?

సరైన సమయం ఉంచుతూ నాలుగు వారాలు వాడాక. అప్పుడు బ్రాండు కాదు, మందు మార్చండి: జింక్ నుంచి కీటోకోనజోల్‌కి, దాన్నుంచి సెలీనియంకి. రెండు రోజులకే తల మండి, ఎర్రబడి, దురద ఎక్కువైతే అది పనిచేయకపోవడం కాదు, పడకపోవడం. వెంటనే ఆపండి. ఇలాంటప్పుడు పర్ఫ్యూమ్, లేబుల్ మీద ఐసోథయాజోలినోన్ అని ముగిసే పేర్లు నా మొదటి అనుమానం.

అమెరికా, యూరప్ నుంచి చుట్టాలు తెచ్చే సీసాలు మంచివా?

ఒకే పేరుతో ఉన్నా లోపల మందు వేరు కావచ్చు. 2022 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో కాస్మెటిక్స్‌లో జింక్ పైరిథియోన్ వాడకూడదు. అందుకే హెడ్ అండ్ షోల్డర్స్ అక్కడ పిరాక్టోన్ ఒలమైన్‌తో వస్తుంది, అమెరికాలో జింక్ పైరిథియోన్‌తోనే అమ్ముతున్నారు. జర్మనీ నుంచి తమ్ముడు తెచ్చిన సీసా బాగా పనిచేసి, ఇక్కడ కొన్నది పనిచేయకపోతే నకిలీ అని కంగారుపడకండి, వెనక మందు పేరు పోల్చి చూడండి. నిషేధం అన్న మాట విని ఇక్కడి సీసా పారేయక్కర్లేదు. జంతువులకు తినిపించి చేసిన పరీక్షల ఆధారంగా దాన్ని కడుపులో బిడ్డకు హాని చేయగల పదార్థంగా వర్గీకరించారు. 1 శాతం వరకు, రాసి కడిగేసే షాంపూల్లో సురక్షితమేనని అక్కడి శాస్త్రీయ కమిటీ చెప్పింది, ప్రత్యామ్నాయాలు ఉన్నాయని నిషేధించారు.

ఎప్పుడు షాంపూలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

పెచ్చులు మందంగా, వెండి రంగులో ఉండి, మోచేతుల మీద, మోకాళ్ల మీద కూడా కనిపిస్తే అది సోరియాసిస్ కావచ్చు. బడి ఈడు పిల్లలకి గుండ్రంగా జుట్టు ఊడి, అక్కడ పొట్టు లేస్తే తలలో తామర కావచ్చు. దానికి లోపలికి మందు మింగాలి, షాంపూతో పోదు. తెల్లటి చుక్కలు వెంట్రుకకి అతుక్కుని గోటితో లాగినా జారకపోతే అవి ఈపులు, చుండ్రు కాదు. చీము, పుండ్లు, రసి కారడం ఉంటే ఆ రోజే వెళ్లండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి మందు షాంపూ మొదలుపెట్టే ముందు అడగండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. సీసాలు లేకపోతే వెనక భాగం ఫొటోలైనా ఉండాలి. "ఏదో ఆకుపచ్చ షాంపూ అండీ" అంటే డాక్టరుగారికి కూడా మళ్లీ మొదటి మెట్టు నుంచే రావాల్సి వస్తుంది.